గంగమ్మ జాతర వీడియోకు కాపీరైట్ దెబ్బ

ఈ వారం కుప్పం నుంచి మదనపల్లె దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఒక అప్పీలు ముసాయిదా తిరుగుతోంది. భక్తి వీడియోను యూట్యూబ్ తీసేస్తే ఏం రాయాలో అందులో రెడీమేడ్‌గా ఉంది. ‘మా వీడియోను తొలగించి కోట్లాది భక్తుల మనోభావాలను గాయపరిచారు, వెంటనే పునరుద్ధరించకపోతే తగిన చర్యలు తీసుకుంటాం’ అని మొదలై, అమ్మవారి మహిమ మీద ఒక పేరా, దేశ సంస్కృతి మీద ఇంకో పేరా నడిచి, చివర్లో జై కొట్టి ముగుస్తుంది. ఉరుసు కవ్వాలీ వీడియోలకు, చర్చి క్వయర్ వీడియోలకు కూడా ఇదే ఉత్తరం దేవుడి పేరు మార్చుకుని తయారైందట. మతసామరస్యం ఇంత సులువుగా ఇంకెక్కడా కుదరదు కాబట్టి సంతోషించాలో ఏమో. నాకు మాత్రం చిరాకేసింది. ఉత్తరం నిండా అంత ఆవేశం ఉంది గానీ, తీసేసింది ఏ నిబంధన కింద, వీడియోలో ఎన్నో నిమిషం దగ్గర, ఆ నిబంధన ఇక్కడ ఎందుకు వర్తించదు అనే మూడు సంగతుల్లో ఒక్కటీ లేదు. అప్పీలు చూసేవాడికి కావలసినవి ఆ మూడే.

ముందు, తగిలింది ఏ దెబ్బో తేల్చుకోవాలి. మన దగ్గర అన్నిటినీ కలిపి ‘కాపీరైట్ పడింది’ అనేస్తారు. నిజానికి వచ్చే నోటీసులు మూడు రకాలు, మూడింటికీ మూడు దారులు. మొదటిది కంటెంట్ ఐడీ క్లెయిమ్. మ్యూజిక్ కంపెనీలు తమ రికార్డింగులను యూట్యూబ్‌కు ముందే అప్పజెప్పి ఉంచుతాయి. మన వీడియోలో వాటిని పోలిన ధ్వని వినబడితే యంత్రం దానంతటదే గుర్తుపట్టి కంపెనీ తరఫున చేయి వేస్తుంది. సాధారణంగా వీడియో అక్కడే ఉంటుంది, యాడ్ల డబ్బు వాళ్ళకు పోతుంది, కొన్నిసార్లు వీడియో చూడకుండా ఆపేస్తారు. దీన్ని స్ట్రైక్ అనరు, దీంతో ఛానల్‌కు ముప్పు లేదు. రెండోది అసలైన కాపీరైట్ స్ట్రైక్. ఒక హక్కుదారు చట్టపరంగా రాసిచ్చి వీడియోను తీయించినప్పుడు ఇది పడుతుంది. 90 రోజుల్లో ఇలాంటివి మూడు పడితే ఛానల్ పోతుంది. మూడోది యూట్యూబ్ సొంత నిబంధనలు దాటారని వచ్చేది. మొదటిసారి హెచ్చరిక, తర్వాత ఒక వారం అప్‌లోడ్ బంద్, 90 రోజుల్లో రెండోది పడితే రెండు వారాలు, మూడోది పడితే ఛానలే ఉండదు. స్ట్రైక్ పడగానే భయపడి వీడియో డిలీట్ చేసేవాళ్ళు చాలామంది. దాంతో స్ట్రైక్ పోదు. పైగా, ఏ వీడియో గురించి వాదించాలో ఆ వీడియోనే లేకుండా చేసుకున్నట్టవుతుంది.

భక్తి వీడియోల తగాదాల్లో ఎక్కువ పాట దగ్గరే పుడతాయి. అక్కడ మనవాళ్ళు చెప్పే సమాధానం ఒకటే: అన్నమయ్య పాట అందరిదీ, దానికి కాపీరైట్ ఏమిటి? వినడానికి బాగానే ఉంది, మూడింట ఒక వంతు నిజం కూడా. పాటలో మూడు పొరలుంటాయి. సాహిత్యం ఒకటి, వరుస ఒకటి, ఆ వరుసలో ఎవరో పాడగా చేసిన రికార్డింగు ఇంకొకటి. మన 1957 చట్టం ప్రకారం సాహిత్యానికీ వరుసకూ వాటి కర్త చనిపోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది, రికార్డింగుకు అది వెలువడిన తర్వాత 60 ఏళ్ళు. అన్నమయ్య 1503లో వెళ్ళిపోయారు, సాహిత్యంతో పేచీ లేదు. కానీ తిరుమలలో బయటపడిన రాగిరేకుల మీద రాగం పేరు ఉందే గానీ స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే వరుసల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివాళ్ళు కూర్చారు. రాళ్ళపల్లి వారు 1979లో కన్నుమూశారు. అంటే ఆయన కట్టిన వరుసకు 2039 చివరిదాకా హక్కు బతికే ఉంటుంది. త్యాగరాజు సంగతి వేరు. ఆయన 1847లో పోయారు, వరుసలు శిష్యపరంపరలో వచ్చాయి. చర్చి కీర్తనల్లో పురుషోత్తమ చౌదరిగారు 1890లో పోయారు కాబట్టి ఆయన సాహిత్యం స్వేచ్ఛగా పాడుకోవచ్చు, వరుస ఎప్పటిదో మాత్రం చూసుకోవాలి. ఇక ఎవరు రాసినదైనా, సీడీలోంచో ఫోన్‌లోంచో వేసి వినిపించినది మూడో పొర. దానికి అన్నమయ్య పూచీ పడడు.

కుప్పం గంగమ్మ జాతరనే తీసుకుందాం. విశ్వరూప దర్శనం రోజున 40 నిమిషాల వీడియో తీశారనుకోండి. సరిహద్దు ఊరు కాబట్టి మైకుసెట్టులో తెలుగు, తమిళ, కన్నడ అమ్మవారి పాటలు ఒకదాని మీద ఒకటి మోగుతుంటాయి. అందులో ఓ రెండున్నర నిమిషాలు పాత తమిళ అమ్మన్ పాట స్పష్టంగా వినబడింది, క్లెయిమ్ పడింది. ఇక్కడ చదువుకున్నవాళ్ళు ఒక ఆక్షేపణ తెస్తారు. కాపీరైట్ చట్టం 52(1)(za) ప్రకారం నిజమైన మతపరమైన వేడుకలో పాట పాడినా, రికార్డు వేసి వినిపించినా ఉల్లంఘన కాదు కదా అంటారు. నిజమే, ఆ సెక్షన్ ఉంది, పెళ్ళి ఊరేగింపులకు కూడా అదే రక్ష. కానీ అది కాపాడేది వేడుక జరుగుతుండగా అక్కడ పాట వేసిన మైకుసెట్టు ఆయనను. ఆ పాటను వీడియోలో నకలు చేసి, మరుసటి రోజు నుంచి ప్రపంచమంతా ఎప్పుడంటే అప్పుడు వినేలా పెట్టడం ఇంకో పని. వేడుక ముగిశాక జరిగిన ఆ పనికి సెక్షన్ గొడుగు పడుతుందని నమ్మకంగా చెప్పలేం. ‘పాట మేం వేయలేదు, వెనకాల వినబడింది’ అనే మాటకు కూడా యూట్యూబ్ లెక్కలో బలం తక్కువ. అందుకని ఇక్కడ నా సలహా మొహమాటం లేనిది: వాదించకండి. యూట్యూబ్ స్టూడియోలో ఆ క్లెయిమ్ దగ్గరే `Erase song` అనే సదుపాయం ఉంది. పాటను తీసేసి మాటలను మిగల్చడానికి ప్రయత్నిస్తుంది. జాతర హోరులో అది ప్రతిసారీ పనిచేయదు. కుదరకపోతే ఆ రెండున్నర నిమిషాలకు మ్యూట్ పెట్టాలి, లేదా ఆ ముక్క కోసేయాలి. క్లెయిమ్ తనంతట తనే తొలగిపోతుంది. యాడ్ల డబ్బు ఎటూ రాని చిన్న ఛానల్ అయితే క్లెయిమ్‌ను అలాగే వదిలేసినా కొంప మునగదు.

ఇప్పుడు ఇంకో సందర్భం చూడండి. మదనపల్లెలో ఏదో రామాలయంలో శ్రీరామనవమికి భజన బృందం త్యాగరాజ ఉత్సవ సంప్రదాయ కీర్తన ఒకటి పాడింది. హార్మోనియం, మృదంగం, చిడతలు, అంతే. ఫోన్‌తో తీసి పెట్టారు. రెండు రోజులకు ఎవరో ఆల్బం కంపెనీ పేరుతో క్లెయిమ్ వచ్చింది. యంత్రం రికార్డింగులతో పాటు వరుసలను కూడా పోల్చి చూస్తుంది. ఒకే కీర్తనను ఒకే రాగంలో నలుగురు పాడితే నాలుగూ దగ్గర దగ్గరగానే ఉంటాయి గదా. ఇక్కడ వాదించాలి. డిస్ప్యూట్ ఫారం కారణం అడుగుతుంది. సొంత కంటెంట్, లైసెన్స్, ఫెయిర్ యూజ్, పబ్లిక్ డొమైన్ వంటివి వరుసగా ఉంటాయి. చాలామంది ఫెయిర్ యూజ్ నొక్కుతారు, ఆ పేరు ఎక్కువ విన్నారు కాబట్టి. అది తప్పు దారి. ‘మీ సొత్తే, కానీ న్యాయంగా కొంచెం వాడుకున్నాం’ అని ఒప్పుకున్నట్టు అవుతుంది. మనం అంటున్నది మీ సొత్తు ఇందులో లేనే లేదని. కాబట్టి సొంత కంటెంట్ అనైనా, పబ్లిక్ డొమైన్ అనైనా పెట్టి కింద ఇలా రాయాలి: ‘ఈ వీడియోలో 6:20 నుంచి 11:05 వరకు వినబడేది మా ఆలయ భజన బృందం స్వయంగా పాడి, మా ఫోన్‌లో రికార్డు చేసినది. క్లెయిమ్‌లో చూపిన రికార్డింగును మేము ఎక్కడా వాడలేదు. కీర్తన కర్త త్యాగరాజు 1847లో మరణించారు. సాహిత్యం, సంప్రదాయ వరుస రెండూ కాపీరైట్ గడువు దాటినవి. గాయకుల, వాద్యకారుల పేర్లు వివరణలో ఉన్నాయి. ఎడిట్ చేయని మూల ఫైలు మా వద్ద ఉంది.’ ఇంతే. రాముడి మహిమ రాయకండి, ఊరి చరిత్ర రాయకండి, బెదిరించకండి. తెలుగులో రాసుకుని, ఇవే వాక్యాలను ఇంగ్లీషులోకి తిప్పి రెండూ పెట్టడం మంచిది, ఎందుకంటే అవతల చదివేది చిత్తూరువాడే అయి ఉంటాడని నమ్మకం లేదు.

ఎంత బాగా రాసినా అవతలివాడు కాదంటే ఏం చేస్తామని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఎందుకంటే డిస్ప్యూట్ మొదట చేరేది యూట్యూబ్ దగ్గరకు కాదు, క్లెయిమ్ వేసిన కంపెనీ దగ్గరకే. దొంగ అని మన మీద కేసు పెట్టినవాడే మొదటి జడ్జి. వాళ్ళకు 30 రోజుల గడువు. ఆ లోపు పలక్కపోతే క్లెయిమ్ పోతుంది. కాదంటే మనం అప్పీలుకు వెళ్ళొచ్చు, ఈసారి వాళ్ళకు 7 రోజులు. అప్పుడు కూడా వెనక్కు తగ్గకపోతే వాళ్ళు చట్టపరంగా తొలగింపు కోరాలి. అలా కోరారంటే వీడియో పోతుంది, అంతదాకా లేని స్ట్రైక్ అప్పుడు పడుతుంది. దాని మీద మనం కౌంటర్ నోటిఫికేషన్ వేస్తే, 10 అమెరికా పని దినాల్లోగా వాళ్ళు కోర్టుకు వెళ్ళినట్టు చూపాలి, చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. మొత్తం నిచ్చెన ఇదీ. మనది అన్నప్పుడే ఎక్కాలి, ఎక్కితే సగంలో దిగకూడదు. మైకుసెట్టు పాట మీద ఈ నిచ్చెన ఎక్కేవాడు చేతులారా స్ట్రైక్ కొని తెచ్చుకుంటాడు.

ఇంతవరకు చెప్పినది చూస్తే, తప్పంతా భక్తులదే, యంత్రం ధర్మరాజు అన్నట్టు ఉంటుంది. అలా అనడం లేదు. 2018లో జేమ్స్ రోడ్స్ అనే బ్రిటిష్ పియానో విద్వాంసుడు తన ఇంట్లో తానే బాఖ్ సంగీతం వాయించి ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు తమవని సోనీ పేరుతో క్లెయిమ్ వచ్చింది. బాఖ్ 1750లో పోయాడు. రోడ్స్ డిస్ప్యూట్‌ను మొదట తోసిపుచ్చారు, ఆయన ట్విట్టర్‌లో గోల చేశాక గానీ వదల్లేదు. పేరున్నవాడు కాబట్టి గోల వినబడింది. మదనపల్లె భజన బృందానికి ఆ గొంతు లేదు. తప్పుడు క్లెయిమ్ వేసిన కంపెనీ ఒక్క వీడియో మీద ఓడితే పోగొట్టుకునేది ఏమీ ఉండదు, ఎదురు నిలబడ్డ ఛానల్ మాత్రం స్ట్రైక్ పణంగా పెట్టాలి. వాట్సాప్ ఉత్తరంలో ఉన్న కోపానికి తగిన చోటు ఏదన్నా ఉంటే అది ఇదే. మనోభావాల మాట ఎత్తకుండా, తేదీలతో, నిమిషాలతో ఆ కోపాన్ని చూపాలి. చిన్న ఛానళ్ళు ఇలాంటి క్లెయిములను వదిలేస్తూ పోతే, ఎవరి సొత్తూ కాని కీర్తన నెమ్మదిగా ఎవరిదో అయిపోతుంది.

నిబంధనల స్ట్రైక్ గురించి కొంచెమే చెబుతాను. నిప్పుల గుండం తొక్కడం, నాలుకకు శూలం గుచ్చుకోవడం వంటివి జాతర వీడియోల్లో ఉంటాయి. సందర్భం తెలియని కళ్ళకు అవి ఒంటికి హాని చేసుకునే దృశ్యాలు. విద్య, డాక్యుమెంటరీ, శాస్త్రం, కళల సందర్భం ఉంటే యూట్యూబ్ మినహాయింపు ఇస్తుంది గానీ ఆ సందర్భం వీడియోలోనే కనబడాలి. అప్పీలులో మొదటిసారి చెబితే చెల్లదు. మొదటి నిమిషంలోనే ఇది ఏ ఊరి ఏ ఆచారమో చెప్పే గొంతు ఉంటే, ‘ఏటా జరిగే సంప్రదాయ ఆచారాన్ని డాక్యుమెంటరీగా చిత్రించాం. 0:08 నుంచి 0:35 వరకు వ్యాఖ్యానం దీన్ని వివరిస్తుంది. అనుకరించమని ఎక్కడా ప్రోత్సహించలేదు’ అని మూడు వాక్యాలు రాస్తే చాలు. ఒక్క స్ట్రైక్‌కు ఒక్కసారే అప్పీలు, అందుకని ఆ రాత్రికే కోపంలో పంపకండి, 90 రోజుల వ్యవధి ఉంది. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకో బోయకొండకో వెళ్ళి మొక్కుబడి పొట్టేళ్ళ వీడియో పెట్టి తీసేయించుకున్నవాళ్ళకు మాత్రం నా మాట వేరు. యూట్యూబ్ జంతుహింస నిబంధనలో వధకు సంప్రదాయ ప్రయోజనం కింద మినహాయింపు ఉన్నమాట నిజం. ఆ వాదనతో గెలవొచ్చు కూడా. కానీ ఆలయ ఆవరణలో జంతుబలిని నిషేధించిన 1950 చట్టం మన రాష్ట్రంలో ఉంది. ‘అవును, ఇది గుడి దగ్గర మేం ఇచ్చిన బలి’ అని సంతకంతో రాసిచ్చి యూట్యూబ్ దగ్గర గెలిచేవాడు ఇంకోచోట ఇరుక్కుంటాడు. ఆ వీడియో పెట్టకపోవడమే మేలు, పెట్టి పోగొట్టుకుంటే అప్పీలు చేయకపోవడమే మేలు.

ఇక ముందుజాగ్రత్తలు. ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా మైకుసెట్టు గోల కొత్త కాదు. పంబలు, తప్పెట్లు, ఉరుములు గొంతెత్తే చోట నాలుగు హారన్లు కట్టి రికార్డు పాటలు వేయడం మీద ఎన్నిసార్లు రాసినా ఏ కమిటీ పట్టించుకోలేదు. కంటెంట్ ఐడీ పట్టించుకునేలా చేస్తోంది. లైవ్ పెట్టే గంటలోనైనా రికార్డు పాటలు ఆపమని మైకుసెట్టు ఆయనతో ముందే మాట్లాడుకోవాలి. లైవ్‌ను కూడా యంత్రం వింటూనే ఉంటుంది, పాట తగిలితే ప్రసారం మధ్యలో ఆగిపోవచ్చు. కెమెరాను హారన్ కట్టిన స్తంభానికి దూరంగా, పంబవాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు వచ్చే `Checks` మెట్టు దగ్గర ఆగి, అది పూర్తయ్యేదాకా వీడియోను ప్రైవేటుగానే ఉంచాలి. క్లెయిమ్ ఉంటే జనం చూడకముందే అక్కడ తెలిసిపోతుంది. వివరణలో ఎవరు పాడారు, ఏ వాద్యం ఎవరిది, ఏ రోజు, ఏ ఊరు అని రాయాలి. రేపు డిస్ప్యూట్ రాయాల్సి వస్తే సగం ఉత్తరం అక్కడే తయారై ఉంటుంది.

ఈ లెక్కన నాకు పండగే. యంత్రానికి భయపడి మైకు మూగబోతుంది, అసలు జాతర వినబడుతుంది. ఇంత దూరం రాశాక మాత్రం ఆ సంతోషం నిలవడం లేదు. గంగమ్మ వీడియోల్లో మైకు పాట పడిన చోటల్లా మ్యూట్ చేసుకుంటూ, కోసుకుంటూ పోతే యాభై ఏళ్ళ తర్వాత వాటిని చూసేవాడికి 2020ల నాటి కుప్పం జాతరలో పంబలు తప్ప ఏమీ మోగలేదనిపిస్తుంది. అది అబద్ధం. మూడు భాషల పాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ మోగడం, నాకు నచ్చినా నచ్చకపోయినా, ఆ ఊరి జాతర ధ్వనే. దాన్ని చెరిపేసే అధికారం నాకూ లేదు, యూట్యూబ్‌కూ లేదు. కాబట్టి కోసిన వీడియో జనానికి, కోయని వీడియో కమిటీకి. ఫోన్‌లో నుంచి దించిన మూల ఫైలు, తేదీ వేసిన పేరుతో, రెండు హార్డ్ డిస్కుల్లో రెండు ఇళ్ళలో ఉండాలి. డిస్ప్యూట్‌లో ‘మూల ఫైలు మా వద్ద ఉంది’ అని రాసే వాక్యానికి ఆధారం కూడా అదే.

ఒక్క సంగతి జాతర మొదలవకముందే తేల్చుకోవాలి. కౌంటర్ నోటిఫికేషన్ దాకా వెళితే అందులో రాసిన పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు అవతలి కంపెనీకి చేరతాయి. వాళ్ళు కోర్టుకు వెళితే నోటీసు ఆ పేరు మీదే వస్తుంది. చాలా ఆలయ ఛానళ్ళను నడిపేది డిగ్రీ చదివే కుర్రాడు, అకౌంటు అతని జీమెయిల్ మీదే ఉంటుంది. సంతకం అతనిదా, ధర్మకర్తదా, కమిటీ కార్యదర్శిదా అన్నది మైకుసెట్టుకు అడ్వాన్సు ఇచ్చే సమావేశంలోనే మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి.